జ్వరం వచ్చినప్పుడు శరీరంలోని థర్మోస్టాట్ చెడిపోయినట్టేనా?

జీవశాస్త్రం టీచర్, వరంగల్

సభ్యులందరికీ నమస్కారం. పదో తరగతి పిల్లలకు హోమియోస్టాసిస్ పాఠం చెప్పేటప్పుడు గదిలోని ఏసీని ఉదాహరణగా తీసుకున్నాను. రిమోట్‌లో 24 డిగ్రీలు పెట్టామనుకుందాం. గది 25కు చేరగానే కంప్రెసర్ మొదలవుతుంది, 23కు దిగగానే ఆగిపోతుంది. వేడి పెరిగితే దాన్ని తగ్గించే పని మొదలవుతుంది, తగ్గిన తరువాత ఆ పని దానంతట అదే ఆగుతుంది కాబట్టి దీనిని నెగటివ్ ఫీడ్‌బ్యాక్ అంటారని, మన శరీరం 37 డిగ్రీల దగ్గర నిలబడేది కూడా ఇలాగేనని చెప్పాను. అప్పుడు ఒక అమ్మాయి లేచి, "మరి జ్వరం వచ్చి 39 చూపిస్తే మన థర్మోస్టాట్ చెడిపోయినట్టా, టీచర్?" అని అడిగింది. నాకు తెలిసినంతవరకు చెప్పాను కానీ ఆ జవాబు నాకే తృప్తినివ్వలేదు. దానితోపాటు నాకు మరో సందేహం కూడా ఉంది. ఏసీ కంప్రెసర్‌లాగా మన శరీరం కూడా ఒక్కసారిగా మొదలై ఒక్కసారిగా ఆగే పద్ధతిలోనే పనిచేస్తుందా? దయచేసి వివరించగలరు.

ఇంజనీరింగ్ విద్యార్థి

చెడిపోయినట్టేనని నా అభిప్రాయం. నియంత్రణ వ్యవస్థ ఏదైనా మూడు పనులు చేస్తుంది. ఇప్పుడు ఉన్న విలువను కొలుస్తుంది, ఉండవలసిన విలువతో పోల్చి తేడా తెలుసుకుంటుంది, ఆ తేడాను తగ్గించే దిశలో పనిచేస్తుంది. శరీరం ఉండవలసింది 37 దగ్గర. అది 39కి వెళ్లి గంటల తరబడి అక్కడే ఉన్నదంటే తేడా తగ్గలేదనే కదా అర్థం? తేడాను తగ్గించలేని వ్యవస్థను పనిచేస్తున్న వ్యవస్థ అనలేము. వడదెబ్బ కూడా ఇదే లోపమని, కాకపోతే మరింత తీవ్రమైనదని అనుకుంటున్నాను.

మత్తు డాక్టర్, విశాఖపట్నం

నియంత్రణ వ్యవస్థ గురించి మీరు చెప్పిన మూడు పనులు సరైనవే. అయితే "ఉండవలసింది 37" అని మీరు ముందే స్థిరపరచుకున్నారు. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో కూడా ఆ సంఖ్య స్థిరంగా ఉండదు. తెల్లవారుజామున తక్కువగా, సాయంత్రానికి అర డిగ్రీకి పైగా ఎక్కువగా ఉండటం మామూలే. అందుకే వ్యవస్థ చెడిపోయిందా లేదా అన్నది థర్మామీటర్ చూపించే సంఖ్యను బట్టి కాకుండా, ఆ సమయంలో శరీరం ఏ దిశలో పనిచేస్తున్నదో చూసి నిర్ణయించాలి.

మలేరియా జ్వరం మొదలయ్యే గంటను గమనించండి. రోగి ఉష్ణోగ్రత ఇంకా 37 దాటి పెద్దగా పెరగలేదు, కానీ దుప్పటి కప్పమంటాడు, పళ్లు కొట్టుకునేంతగా వణుకుతాడు, అరచేతులు, పాదాలు చల్లగా ఉంటాయి. వేడి బయటికి పోకుండా చర్మంలోని రక్తనాళాలు ముడుచుకున్నాయి, కండరాలు వణుకుతూ అదనపు వేడిని పుట్టిస్తున్నాయి. చలిలో నిలబడిన మనిషి శరీరం సరిగ్గా ఏం చేస్తుందో ఇతని శరీరమూ అదే చేస్తున్నది. ఎందుకంటే రక్షణ వ్యవస్థ పంపిన సంకేతాల వల్ల మెదడులో ప్రోస్టాగ్లాండిన్ ఇ2 అనే పదార్థం తయారై, హైపోథాలమస్‌లో ఉష్ణోగ్రతను చూసుకునే భాగం మీద పనిచేస్తుంది. దానితో ఆ భాగం 39.5 డిగ్రీలు కావాలని కోరడం మొదలుపెడుతుంది. 37లో ఉన్న శరీరం దాని లెక్కలో రెండున్నర డిగ్రీలు చల్లగా ఉన్నట్టే.

39.5కు చేరగానే వణుకు ఆగిపోతుంది. ఇప్పుడు ఆ 39.5ను అటూ ఇటూ పోనీయకుండా శరీరం కాపాడుకుంటుంది. తరువాత పారాసెటమాల్ ఇస్తే ప్రోస్టాగ్లాండిన్ తయారీ తగ్గుతుంది, కోరిన విలువ మళ్లీ 37 దగ్గరికి దిగుతుంది. 39.5లో ఉన్న శరీరం ఇప్పుడు వేడిగా ఉన్నట్టు లెక్క. చర్మం ఎర్రబడి, చెమటలు పట్టి, రోగి దుప్పటి తన్నేస్తాడు. ఎవరో రిమోట్‌లో 24ను 27 చేసి కాసేపటికి మళ్లీ 24 చేసినప్పుడు ఏసీ ఎంత చక్కగా పనిచేస్తుందో, ఈ మొత్తం వ్యవహారంలో శరీరం కూడా అంతే చక్కగా పనిచేసింది. మారింది ఆజ్ఞ మాత్రమే.

ఇద్దరు పిల్లల తల్లి, నెల్లూరు

మా అయిదేళ్ల బాబుకు నిన్నటి నుంచి జ్వరం, 102 చూపిస్తున్నది. జ్వరంలో ఏసీ వేయవచ్చా, వేయకూడదా అని ఇంట్లో పెద్దగా వాదన జరుగుతున్నది. మా అత్తయ్యగారు దుప్పటి కప్పమంటారు. నేను ఫ్రిజ్ నీళ్లలో తడిపిన గుడ్డతో ఒళ్లంతా తుడిస్తే వాడు మరింత వణికిపోయాడు. ఏసీని ఎంతలో పెట్టాలో చెప్పగలరా?

మత్తు డాక్టర్, విశాఖపట్నం

అమ్మా, మీ ప్రశ్న ఏసీ గురించే అయినా, బాబు ఎందుకు వణికాడన్నది మనం మాట్లాడుకుంటున్న విషయమే. 102 ఫారన్‌హీట్ అంటే దాదాపు 38.9 సెల్సియస్. బాబు శరీరం ఆ స్థాయినే కోరుతున్నప్పుడు మీరు చల్లటి నీళ్లతో చర్మాన్ని చల్లబరిస్తే, దానిని పూడ్చుకోవడానికి వాడి శరీరం వణికి వేడిని పుట్టిస్తుంది. బిడ్డకు బాధ మిగులుతుంది తప్ప జ్వరం తగ్గదు. కాబట్టి ఫ్రిజ్ నీళ్లు వద్దు. మీ డాక్టరుగారు బరువును బట్టి చెప్పిన మోతాదులో మందు ఇచ్చి, పలుచటి బట్టలు వేసి, తరచుగా తాగడానికి ఇవ్వండి. గది బిడ్డకు హాయిగా ఉంటే చాలు, ఏసీ అంకె ముఖ్యం కాదు. వణుకుతుంటే పలుచటి దుప్పటి కప్పండి, చెమట పట్టడం మొదలైతే తీసేయండి. బిడ్డ మగతగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా, నీళ్లు తాగలేకపోయినా, ఊపిరికి ఇబ్బంది పడుతున్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఇవేవీ లేకపోయినా, రెండో రోజుకు వచ్చింది కాబట్టి ఒకసారి చూపించడం మంచిది.

ఏసీ మెకానిక్, కాకినాడ

డాక్టరుగారు రిమోట్ మాట చెప్పారు కాబట్టి నా పనిలో రోజూ చూసేది చెబుతాను. గది చల్లబడటం లేదని ఫోన్ వస్తే అది మూడు రకాల్లో ఏదో ఒకటి అయి ఉంటుంది. మొదటిది, పిల్లలెవరో రిమోట్‌లో 28 పెట్టి ఉంటారు, యంత్రానికి ఏ జబ్బూ ఉండదు. రెండోది సెన్సర్ తప్పు చెప్పడం. లోపలి యూనిట్‌లో గాలి వెనక్కి వచ్చే చోట సెన్సర్ ఉంటుంది. యూనిట్‌కు అడ్డంగా కర్టెన్ గానీ అల్మరా గానీ ఉంటే వెళ్లిన చల్లగాలే తిరిగి దానికి తగులుతుంది. గది 29లో ఉన్నా అది 24 అనుకొని కంప్రెసర్‌ను ఆపేస్తుంది. మూడోది గ్యాస్ తగ్గిపోవడమో, బయటి యూనిట్ కాయిల్‌లో దుమ్ము పట్టిపోవడమో. అప్పుడు సెట్టింగ్ సరిగానే ఉంటుంది, సెన్సరూ నిజమే చెబుతుంది, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, అయినా గది దిగదు.

గుర్తు పట్టడం తేలిక. గది వేడిగా ఉండి కంప్రెసర్ ఆగి ఉంటే మొదటిదో రెండోదో అయి ఉంటుంది. గది వేడిగా ఉండి కంప్రెసర్ తిరుగుతూనే ఉంటే మూడోది. ఈ మూడో రకంలో చాలామంది రిమోట్‌లో 16కు దించుతారు. ఇప్పటికే ఆగకుండా తిరుగుతున్న కంప్రెసర్‌కు 24 అన్నా 16 అన్నా ఒకటే. నా ప్రశ్న ఏమిటంటే, జ్వరం మొదటి రకమైతే వడదెబ్బ మూడో రకం కాదా?

మత్తు డాక్టర్, విశాఖపట్నం

సరిగ్గా మూడో రకమే. ఇంతకంటే స్పష్టంగా నేను చెప్పలేను. మీరు చెప్పిన 16 మాట కూడా ఇక్కడ వర్తిస్తుంది. వడదెబ్బలో కోరిన విలువ 37 దగ్గరే ఉంటుంది కాబట్టి, దానిని దించే పారాసెటమాల్ వేసి ప్రయోజనం లేదు. పైగా అప్పటికే దెబ్బతింటున్న కాలేయానికి అది మరింత భారం అవుతుంది.

ఇంజనీరింగ్ విద్యార్థి

జ్వరం విషయంలో డాక్టరుగారి వాదన అర్థమైంది. వడదెబ్బను లెక్క వేసి చూశాను. 60 కిలోల కూలీ ఎండలో బరువు పని చేస్తున్నాడనుకుందాం. అతని శరీరంలో పుట్టే వేడి 350 వాట్లు అనుకుంటే గంటకు 1260 కిలోజౌళ్లు. ఒక కిలో శరీరాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 3.5 కిలోజౌళ్లు కావాలి కాబట్టి, 60 కిలోలకు 210. అంటే వేడి ఏమాత్రమూ బయటికి పోకపోతే ఒక్క గంటలో ఆరు డిగ్రీలు పెరుగుతుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 2400 కిలోజౌళ్లు తీసుకుపోతుంది కాబట్టి, పనిలో పుట్టిన వేడికే గంటకు అర లీటరు పైగా ఆవిరి కావాలి. గాలి 42 డిగ్రీలు ఉంటే అది 35 డిగ్రీల చర్మానికి వేడిని ఇస్తుందే తప్ప తీసుకోదు, ఎండ వేడి కూడా దానికి తోడవుతుంది. కాబట్టి లీటరు దాకా అవసరం కావచ్చు. అది కొనసాగినంతసేపు మనిషి నిలబడతాడు. చెమట ఆగిపోయినప్పుడే వడదెబ్బ తగులుతుంది, ఒళ్లు పొడిగా ఉండటమే దాని గుర్తు.

మత్తు డాక్టర్, విశాఖపట్నం

లెక్క బాగుంది. చివరి వాక్యాన్ని మాత్రం ఎవరూ నమ్మవద్దని కోరుతున్నాను, ఎందుకంటే దానివల్ల ప్రాణాలు పోతాయి. ఇంట్లో ఉక్కలో చిక్కుకున్న వృద్ధులలో ఒళ్లు పొడిగా ఉండటం తరచుగా కనిపిస్తుంది. కానీ ఎండలో కష్టపడి పనిచేస్తూ, పరుగెత్తుతూ పడిపోయిన యువకుల ఒళ్లు చెమటతో తడిసిముద్దయి ఉండవచ్చు. మీ లెక్కలోనే దీనికి కారణం ఉంది. వేడిని తీసుకుపోయేది ఆవిరైన చెమట, కారిపోయిన చెమట కాదు. మా తీరప్రాంతంలో మే నెల మధ్యాహ్నం గాలిలో తేమ ఎంత ఉంటుందంటే, గంటకు లీటరు చెమట పట్టినా అందులో చాలా భాగం నేలపాలవుతుంది. కంప్రెసర్ పూర్తి వేగంతో తిరుగుతున్నది, కానీ బయటి యూనిట్ కాయిల్ వేడిని వదలలేకపోతున్నది.

చూడవలసిన గుర్తు మనసు. ఎండలో ఉన్న మనిషి తడబడుతూ మాట్లాడినా, పొంతన లేని జవాబులు చెప్పినా, కోపంగా తోసేసినా, స్పృహ తప్పినా, లోపలి ఉష్ణోగ్రత 40 దాటిందనే అనుమానించాలి. అంబులెన్స్ కోసం ఎదురుచూస్తూ కూర్చోకూడదు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ గట్టిగా విసరాలి, వీలుంటే చల్లటి నీటి తొట్టెలో ఉంచి తల పట్టుకోవాలి. పైన నెల్లూరు తల్లిగారికి చల్లటి నీళ్లు వద్దని చెప్పి ఇక్కడ అవే కావాలంటున్నానని అనిపించవచ్చు. అక్కడ శరీరం ఆ వేడినే కోరుతున్నది, ఇక్కడ వదిలించుకోలేకపోతున్నది.

ఇంకొక కారణం వల్ల కూడా ఆలస్యం పనికిరాదు. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే శరీరంలోని రసాయన చర్యల వేగం దాదాపు పదో వంతు పెరుగుతుంది, అంటే వేడి మరింత పుడుతుంది. చల్లబరచే మార్గం బలంగా ఉన్నంతకాలం దీని ప్రభావం తెలియదు. ఆ మార్గం మూసుకుపోయాక వేడి వేడిని పెంచుతుంది. అక్కడినుంచి నెగటివ్ ఫీడ్‌బ్యాక్ చేతులెత్తేసి, దానికి ఎదురుగా ఉన్న ఫీడ్‌బ్యాక్ పెత్తనం మొదలవుతుంది.

జీవశాస్త్రం టీచర్, వరంగల్

మొదటి ప్రశ్నకు ఇంత వివరమైన సమాధానం దొరుకుతుందనుకోలేదు. మెకానిక్ గారి మూడు రకాలను తరగతిలో తప్పకుండా చెబుతాను. నా రెండో ప్రశ్న మిగిలిపోయింది. మొదలు కావడం, ఆగిపోవడం అనే రెండు స్థితులే శరీరానికీ ఉంటాయా?

రిటైర్డ్ కంట్రోల్ ఇంజనీర్, రామగుండం

టీచరుగారూ, నేను పనిచేసినదంతా థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో ఆవిరి ఉష్ణోగ్రతల నియంత్రణ మీదే కాబట్టి ఆ కోణం నుంచి చెబుతాను. పాత ఏసీకి నడవడం, ఆగడం తప్ప వేరే స్థితి లేదు. 23కు, 25కు మధ్య అది కావాలనే ఏమీ చేయదు. ఆ ఖాళీ లేకపోతే కంప్రెసర్ క్షణక్షణం ఆగుతూ, మొదలవుతూ పాడైపోతుంది. అందుకే ఆగిన కంప్రెసర్ మళ్లీ మొదలు కావడానికి కొన్ని నిమిషాలు ఆగేలా కూడా ఏర్పాటు చేస్తారు. ఫలితంగా గది ఉష్ణోగ్రత ఎప్పుడూ ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. శరీరం ఇన్వర్టర్ ఏసీకి దగ్గర. తేడా కొంచెం ఉంటే కొంచెం చెమట, ఎక్కువ ఉంటే ఎక్కువ చెమట. తేడాకు తగినంత పని చేసే ఇటువంటి వ్యవస్థకు ఒక లక్షణం ఉంది, అది తేడాను తగ్గించగలదే తప్ప సున్నా చేయలేదు. తేడా సున్నా అయితే పని కూడా సున్నా అవుతుంది కదా. దానిని ఇలా రాస్తాము:

```
e = D / (1 + G)
```

నియంత్రణ లేకపోతే ఉష్ణోగ్రత ఎంత మారి ఉండేదో అది D, నియంత్రణ ఉన్నా మిగిలిపోయే తేడా e, నియంత్రణ బలం G. పొడి గాలిలో బట్టలు లేని మనిషి విషయంలో, పరిసరాల ఉష్ణోగ్రతలో 25–30 డిగ్రీల మార్పు వస్తే లోపలి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ మాత్రమే మారుతుందని శరీరధర్మశాస్త్రం చెబుతుంది. D విలువ 28, e విలువ 1 అనుకుంటే G విలువ 27 వస్తుంది. పరిశ్రమలో కూడా గర్వంగా చెప్పుకోదగిన సంఖ్య అది. ఆ ఒక్క డిగ్రీ మాత్రం ఎప్పటికీ మిగులుతుంది, దానిని లోపంగా భావించనవసరం లేదు.

మత్తు డాక్టర్, విశాఖపట్నం

ఇంజనీరు గారు చెప్పిన "ఏమీ చేయని ఖాళీ" శరీరంలో కూడా ఉంది. ఆపరేషన్ థియేటర్‌లో నేను గమనించేది ముఖ్యంగా దానినే. మెలకువగా ఉన్న మనిషిలో చెమట మొదలయ్యే ఉష్ణోగ్రతకు, చర్మపు రక్తనాళాలు ముడుచుకోవడం మొదలయ్యే ఉష్ణోగ్రతకు మధ్య తేడా 0.2 నుంచి 0.4 డిగ్రీలు మాత్రమే. వణుకు మరో డిగ్రీ దిగిన తరువాత గాని మొదలు కాదు. పూర్తి మత్తు ఇచ్చినప్పుడు ఆ ఖాళీ 2 నుంచి 4 డిగ్రీల దాకా విస్తరిస్తుంది. ఆ పరిధిలో మనిషి ఉష్ణోగ్రతను శరీరం కాపాడదు, పరిసరాలను బట్టి అది మారిపోతూ ఉంటుంది.

పెద్ద ఆపరేషన్‌లో ఏం జరుగుతుందో చూడండి. మత్తు ఇచ్చిన మొదటి గంటలోనే, మేమేమీ చేయకపోతే, లోపలి ఉష్ణోగ్రత 1 నుంచి 1.5 డిగ్రీలు పడిపోతుంది. థియేటర్ చల్లదనమే కారణమని అందరూ అనుకుంటారు కానీ, ఈ మొదటి పతనంలో ఎక్కువ భాగం శరీరం లోపలే జరుగుతుంది. ముడుచుకొని ఉన్న రక్తనాళాలు మత్తుకు తెరుచుకోవడంతో గుండె, మెదడు చుట్టూ ఉన్న వేడి రక్తం కాళ్లూ చేతుల్లోకి పాకుతుంది. ఆ తరువాత గంటల్లో గదిలోకి పోయే వేడి వల్ల నెమ్మదిగా ఇంకా దిగుతుంది. చివరికి 34 లేదా 35 డిగ్రీల ప్రాంతంలో, విస్తరించిన ఖాళీ కింది అంచు తగిలాక, రక్తనాళాలు మళ్లీ ముడుచుకొని పతనం ఆగుతుంది. అంటే వ్యవస్థ చచ్చిపోలేదు, చాలా ఆలస్యంగా మేలుకుంటున్నది. అంతవరకు ఎదురుచూస్తే రక్తస్రావం పెరుగుతుంది, గాయానికి చీము పట్టే ప్రమాదమూ పెరుగుతుంది కాబట్టి, వెచ్చటి గాలి నింపే దుప్పట్లతో ఆ నియంత్రణను బయటినుంచి మేమే చేస్తాము, వీలైతే మత్తు ఇవ్వడానికి ముందే మొదలుపెడతాము.

ఏసీ మెకానిక్, కాకినాడ

అయితే ఇది నా మూడు రకాల్లో ఏదీ కాదు. సెట్టింగ్ మారలేదు, సెన్సర్ చెడలేదు, గ్యాస్ ఉంది. 24 పెడితే 20 నుంచి 28 దాకా ఏమీ చేయకుండా ఊరుకునే ఏసీ అన్నమాట. పాత యాంత్రిక థర్మోస్టాట్లలో స్ప్రింగ్ పట్టు మారితే ఇలాగే అవుతుంది. నాలుగో రకంగా రాసుకుంటాను.

రిటైర్డ్ కంట్రోల్ ఇంజనీర్, రామగుండం

డాక్టరుగారు చెప్పిన దానిని బట్టి నాకు ఒక అనుమానం వస్తున్నది. చెమటకు ఒక హద్దు, రక్తనాళాలకు ఒక హద్దు, వణుకుకు మరొక హద్దు ఉన్నాయంటున్నారు. అలాంటప్పుడు మెదడులో 37 అని రాసిపెట్టిన ఒక్క సంఖ్య ఉందని ఎందుకు అనుకోవాలి? దేనికది వేర్వేరుగా పనిచేసే మూడు నాలుగు వలయాలు ఉండి, అవన్నీ కలిసి సమతూకం చెందే చోటు 37 కావచ్చు కదా. బయటినుంచి చూసేవారికి సెట్ పాయింట్ ఉన్నట్టే కనిపిస్తుంది.

మత్తు డాక్టర్, విశాఖపట్నం

ఈ రంగంలో పరిశోధకులు కూడా ఇదే వాదన చేస్తున్నారు, ఇది ఇంకా తెగలేదు. నేను "కోరిన విలువ" అని పైన రాసినదంతా సౌకర్యం కోసం వాడిన భాష అనుకోండి. జ్వరంలో ఆ హద్దులన్నీ కలిసి పైకి జరుగుతాయి కాబట్టి ఆ భాష చక్కగా సరిపోతుంది, మత్తులో అవి ఎడమవుతాయి కాబట్టి సరిపోదు.

దీనికి సంబంధించిన పాత చిక్కు ఒకటి ఉంది. 1938లో డెన్మార్క్ శరీరధర్మ శాస్త్రవేత్త మారియస్ నీల్సెన్ సైకిల్ యంత్రం తొక్కించి లోపలి ఉష్ణోగ్రత కొలిచాడు. వ్యాయామంలో ఉష్ణోగ్రత పెరిగి ఒకచోట నిలిచింది, ఎంత పెరిగిందన్నది పని తీవ్రతను బట్టి ఉన్నది గాని, గది చల్లగా ఉందా వెచ్చగా ఉందా అన్నదానిని బట్టి లేదు. వ్యాయామం సెట్ పాయింట్‌నే పెంచుతుందని కొందరు అర్థం చెప్పుకున్నారు. మీ సూత్రంలోని మిగిలిపోయే తేడాయే ఇదని మరికొందరు అంటారు.

ఇంజనీరింగ్ విద్యార్థి

మిగిలిపోయే తేడాయే అయితే చల్లటి గదిలో అది తక్కువ ఉండాలి. అక్కడ గాలికే చాలా వేడి పోతుంది, చెమట అంతగా అవసరం ఉండదు. చెమట తక్కువ చాలినప్పుడు తేడా కూడా తక్కువే చాలుతుంది కదా. రెండు గదుల్లోనూ ఒకే విలువ వచ్చిందంటే, ఇంజనీరు గారి సూత్రం ఇక్కడ పనిచేయడం లేదనిపిస్తున్నది.

రిటైర్డ్ కంట్రోల్ ఇంజనీర్, రామగుండం

మంచి ప్రశ్న వేశారు. సెన్సర్ మెదడులో ఒక్కచోటే ఉంటే మీరన్నది నిజం. కానీ చర్మంలో కూడా సెన్సర్లు ఉన్నాయి. చల్లటి గదిలో చర్మం చల్లబడి "చెమట వద్దు" అని చెబుతుంది, దానిని అధిగమించి ఆ కొద్దిపాటి చెమటనైనా పట్టించాలంటే లోపలి ఉష్ణోగ్రత ఎక్కువ పెరగాలి. వెచ్చటి గదిలో చర్మమే చెమటను ప్రోత్సహిస్తుంది కాబట్టి, ఎక్కువ చెమటకు కూడా లోపలి పెరుగుదల అంతే చాలుతుంది. రెండు ప్రభావాలూ ఒకదానినొకటి రద్దు చేసుకుంటే ఒకే విలువ వస్తుంది. అయితే అంత విస్తృతమైన పరిధిలో అవి అంత కచ్చితంగా ఎలా రద్దవుతాయన్నది నాకు కూడా తృప్తికరంగా తోచడం లేదు. చర్మపు సంకేతానికి, లోపలి సంకేతానికి ఎంత నిష్పత్తిలో విలువ ఇవ్వాలో డాక్టరుగారు చెబితే, మీరు వేసిన 60 కిలోల లెక్కనే రెండు గదులకూ విడివిడిగా వేసి చూడవచ్చు.

మత్తు డాక్టర్, విశాఖపట్నం

చెమట విషయంలో లోపలి ఉష్ణోగ్రతకు చాలా ఎక్కువ వాటా, సుమారు పదింట తొమ్మిది వంతులు, చర్మానికి మిగిలిన ఒక వంతు అని తీసుకోవడం వాడుక. వణుకు విషయంలో చర్మం వాటా అంతకంటే ఎక్కువ, అయిదో వంతు దాకా ఉండవచ్చు. ఈ వాటాలతో లెక్క మొదలుపెట్టండి. చల్లటి గదికి చర్మం 28 డిగ్రీలు, వెచ్చటి గదికి 34 అని పెడితే ఎంతవరకు సరిపోతుందో చూద్దాం.